మరాకేష్‌లో గోడల వెంట

కాసాబ్లాంకాలో రైలెక్కితే మరాకేష్ చేరేసరికి రెండున్నర గంటలు దాటుతుంది. సగం దారి గడిచాక పొలాలు పలచబడి నేల ఎర్రబడుతూ వస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న మా చెల్లెలు ఆ ఎరుపు చూసి విసుక్కుంది. "నీలం తోట చూపిస్తానని లాక్కొచ్చావు అక్కా, ఇక్కడ మట్టి తప్ప ఏముంది?" అంది. మరిదిగారి ఉద్యోగం కాసాబ్లాంకాలో. అంత దగ్గర్లో ఉండి కూడా తను ఈ ఊరు చూడలేదు. నేను కడియం నుంచి బయలుదేరి, గల్ఫ్‌లో విమానం మారి, ఆ తోట కోసమే వచ్చాను.

ఇళ్ల ముందు తోటలు వేయడం నా పని. మొక్కల విషయంలో జనం నా మాట వింటారు. గోడ రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి పట్టుదల వాళ్లది. తెలుపు, కాదంటే మీగడ రంగు. ఇంకొందరు "తోటే కదా" అని గోడకి కూడా ఆకుపచ్చే వేయిస్తారు. అప్పుడు నర్సరీలో నిగనిగలాడిన మొక్క ఇంటికొచ్చాక వెలవెలబోతుంది. ఎరువు చాల్లేదేమోనని అడుగుతారు. మొక్కకేం కాలేదు, వెనకున్న గోడ దాన్ని మింగేసిందని చెబితే నమ్మరు.

స్టేషన్ బయట టాక్సీ ఎక్కాం. కాసాబ్లాంకాలో టాక్సీలు ఎర్రవి, ఇక్కడ లేత మట్టిరంగువి. ఊరంతా అదే వరస. పాత ఊరి చుట్టూ ఉన్న ప్రాకారం 12వ శతాబ్దంలో అల్మొరావిద్ పాలకులు కట్టించింది. అక్కడి ఎర్రమన్నునే పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి లేపిన గోడ. కొత్త ఊళ్లోని మేడలకి కూడా అదే ఎర్రమట్టి ఛాయ. ఉదయం గులాబీలా, మధ్యాహ్నం ఎండకి వెలిసినట్టు, పొద్దు వాలేసరికి ఇటుకలా కనిపిస్తుంది.

ఆ గోడల ముందు, రోడ్డు పక్కన, వరసగా నారింజ చెట్లు. దుమ్ము పట్టిన మామూలు చెట్లే. అయినా వాటి ఆకుల పచ్చదనం చూసి టాక్సీ ఆపించాను. రాజమండ్రిలో ఏ ఇంటి ముందైనా అదే చెట్టు ఉంటే తల తిప్పి చూసేదాన్ని కాదు. ఇందులో మాయేమీ లేదు. కన్ను ఏ రంగునీ విడిగా చూడదు, పక్కనున్న రంగుతో పోల్చి చూస్తుంది. ఎరుపు పక్కన పెడితే పచ్చ ఇంకాస్త పచ్చబడుతుంది. పారిస్‌లో గోబెలిన్ తివాచీల కర్మాగారంలో అద్దకాలు చూసుకునే షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్నే వివరంగా పరిశీలించి 1839లో పుస్తకం వేశాడు. నల్ల ఊలు సరిగ్గా రావడం లేదని వచ్చిన ఫిర్యాదులను విచారిస్తే, తప్పు నల్లరంగులో కాదు, దాని పక్కన నేసిన రంగుల్లో ఉందని తేలిందట. ఆయన ఆ పుస్తకంలో పూలతోటల గురించి కూడా రాశాడు.

అయితే ఆ ఎర్రగోడకీ ఒక హద్దుంది. కొద్ది దూరంలో ఒక ఇంటి బాల్కనీలో ఎర్ర జెరేనియం కుండీలు వరసగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లేదాకా నాకు ఆకులే కనపడ్డాయి, పూలు కనపడలేదు. నారింజ ఛాయ కాగితం పూల తీగదీ అదే గతి. గుత్తులు గుత్తులుగా పూసి కూడా గోడలో కలిసిపోయింది. ఆకుని పైకి తెచ్చే గోడ పువ్వుని కూడా తెస్తుందన్న నమ్మకం లేదు.

మరునాడు పొద్దున్నే తోటకి వెళ్లాం. టికెట్లు ముందుగా ఇంటర్నెట్‌లోనే కొనాలి, ఆ పని మా చెల్లెలు చేసింది. నీలం తోటకి వెళ్తున్నామని ముదురు నీలం చుడీదార్ వేసుకుని తయారైంది. నేనేమీ అనలేదు.

మజొరెల్ తోట అంటే లోపలంతా నీలమే అనుకుంటారు ఫోటోలు చూసినవాళ్లు. గేటు దాటగానే ఎదురయ్యేది వెదురు పొదలు, చీకటి, చల్లదనం. బొంగుల మీద వచ్చినవాళ్లు చెక్కిన పేర్లు. నేల గచ్చుకి మాత్రం ఎర్రమట్టి రంగు వేశారు, ఊరి గోడల ఛాయే. వెదురు దాటి, తాటి జాతి చెట్ల కింద నుంచి నడిచి, మలుపు తిరిగితే ఎండలో ఆ కట్టడం. నీలం చాలావరకు అక్కడే ఉంది. మిగతా చోట్ల కుండీలకి, నీటి తొట్ల అంచులకి, పందిళ్లకి కొద్దికొద్దిగా వాడారు.

జాక్ మజొరెల్ ఫ్రెంచి చిత్రకారుడు, నాన్సీ నగరంవాడు. 1923లో ఇక్కడ ఖర్జూరపు తోపు పక్కన స్థలం కొన్నాడు. 1931లో పాల్ సిన్వార్ అనే వాస్తుశిల్పి చేత పెట్టెల్లాంటి గదులున్న స్టూడియో కట్టించాడు. గోడలకి ఈ నీలం పూసింది 1937లో. ఖర్చు భరించలేక 1947లో టికెట్ పెట్టి జనాన్ని రానిచ్చాడు. 1962లో ఆయన పోయాక తోట పాడుబడింది. హోటలు కట్టే ప్రయత్నం జరుగుతుంటే 1980లో దుస్తుల రూపకర్త ఈవ్ సాఁ లోరాఁ, ఆయన భాగస్వామి పియెర్ బెర్జే కలిసి కొని నిలబెట్టారు. అంటే ఇప్పుడు మనం చూసే కుండీల పసుపు, నారింజ రంగులూ, మొక్కల అమరికా అన్నీ మజొరెల్ నాటివే అనుకోనక్కర్లేదు.

ఆ నీలం గురించి ఒక మాట. అది ఆకాశనీలం కాదు, కొద్దిగా ఊదా వైపు మొగ్గే చిక్కటి నీలం, అల్ట్రామెరైన్ కుటుంబానిది. ఆ పొడి మనకి కొత్తేమీ కాదు. తెల్లబట్టలకి పెట్టే నీలిమందు అదే. మనవాళ్లు సున్నంలో చిటికెడు వేసి గోడలకి కొట్టేదీ అదే. సున్నంలోని క్షారాన్ని అది తట్టుకుంటుంది కాబట్టే ఆ అలవాటు నిలిచింది. కానీ ఈ చిక్కదనం సున్నంతో రాదు. ఎంత నీలిమందు పోసినా సున్నం తెలుపు పైకొచ్చి లేతనీలమే మిగులుతుంది. మోతాదు మించితే పొడి చేతికంటుకుంటూ రాలిపోతుంది.

గోడ ముందు ఒక గుండ్రటి కాక్టస్ ఉంది. పెద్ద గుమ్మడికాయంత. అంచుల వెంట పసుపు ముళ్లు. ఇది కడియం నర్సరీల్లో కూడా దొరుకుతుంది, తెల్లటి పింగాణీ కుండీల్లో పెట్టి అమ్ముతారు. అక్కడ ముళ్లు ఉన్నాయో లేవో చూడం. ఇక్కడ ఒక్కొక్క ముల్లు విడివిడిగా వెలుగుతోంది, ముల్లు కొస వంపు కూడా తెలుస్తోంది. పసుపుకీ ఈ ఊదానీలానికీ ఉన్న వైరం ఒక కారణం. కానీ అసలు కారణం వెలుగుల తేడా అని నా అనుమానం. దాన్ని తేల్చుకోవడానికి సంచిలోంచి నా నల్ల అట్టముక్క తీశాను.

ఆ అట్టకి రూపాయి బిళ్లంత రంధ్రాలు రెండు, పక్కపక్కన. ఒక దాంట్లో ఆకు మాత్రమే, రెండో దాంట్లో గోడ మాత్రమే కనపడేలా కంటి ముందు పట్టుకోవాలి. అప్పుడు చుట్టూ ఉన్న రంగుల ప్రభావం తగ్గి, ఏది ఎంత వెలుగుగా ఉందో తెలుస్తుంది. కాక్టస్ ఒళ్లు రంధ్రంలోంచి చూస్తే బూడిద కలిసిన చప్పటి పచ్చ. అట్ట తీయగానే నిగనిగ. గోడ మాత్రం రంధ్రంలో కూడా చీకటిగానే ఉంది. పక్కనున్న నాగజెముడు, కిత్తనార మీద కూడా చూశాను. అన్నిటిలోనూ మొక్కదే పైచేయి, గోడ దానికంటే ఒక మెట్టు కిందనే ఉంది.

మామూలు పచ్చటి ఆకు తన మీద పడ్డ వెలుతురులో దాదాపు పదోవంతే తిరిగి పంపుతుంది. కొత్తగా సున్నం కొట్టిన తెల్లగోడ పదిలో ఎనిమిది వంతులు పంపుతుంది. కన్ను దేనికి అలవాటు పడాలి? గోడకే పడుతుంది. కనుపాపని కుదించుకుంటుంది. అప్పుడు ఆకు నల్లటి నీడబొమ్మ అయిపోతుంది. ఫోన్ కెమెరా చేసేదీ ఇదే. తెల్లగోడ ముందు తీసిన మొక్కల ఫోటోలు నల్లగా రావడానికి కెమెరాని తప్పుపట్టి లాభం లేదు. ఈ నీలిగోడ ఆకుకంటే తక్కువ వెలుతురు పంపుతుంది. కన్ను విప్పారుతుంది, ఆ చుట్టుపక్కల అన్నిటికంటే వెలుగైనది మొక్కే అవుతుంది. ఫోన్‌లో ఒక ఫోటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రంగు తీసేశాక కూడా మొక్క గోడ నుంచి విడిగా కనిపిస్తే ఆ గోడ పనిచేస్తున్నట్టే. రెండూ ఒకే బూడిదలో కలిసిపోతే ఆ పొత్తు రంగుల మీద మాత్రమే నిలబడి ఉంది, మబ్బు కమ్మితే చాలు చప్పబడుతుంది.

నేనీ పరీక్షల్లో ఉండగా మా చెల్లెలు గోడ ముందు నిలబడి ఫోటో తీయమంది. తీశాను. ఫోటోలో ముఖం, చేతులు, పసుపు చున్నీ ఉన్నాయి. చుడీదార్ లేదు. "ఇదేంటక్కా, తల ఒక్కటే గాల్లో వేలాడుతోంది" అని నన్నే కోప్పడింది. పక్కన ఎవరో పసుపు గౌను అమ్మాయి అదే చోట నిలబడి మహారాణిలా వచ్చింది ఫోటోలో. కాపలా మనిషి అందర్నీ ముందుకు కదలమంటున్నాడు.

కదిలాక గమనించిందేమిటంటే, ఆ గోడ దగ్గర నాటినవన్నీ వెలుగు రంగు మొక్కలు. బూడిదపచ్చ కాక్టస్‌లు, వెండి ఛాయ ఆకులు, పసుపు ముళ్లు. చిక్కటి ముదురు పచ్చ ఆకులున్న చెట్లు చాలావరకు నీడలో, గోడకి దూరంగా ఉన్నాయి. ఒక మూల మాత్రం ముదురాకు కొమ్మ ఒకటి గోడ మీదికి వాలింది. అట్ట రంధ్రంలో రెండూ సమానమైన చీకటి. ఆ కొమ్మ ఆకారం పది అడుగుల దూరం నుంచి తెలియలేదు. అంటే మజొరెల్ నీలం ప్రతి పచ్చదనానికీ సరిపడే మందు కాదు. ఎడారి ఎండకీ, ఎడారి మొక్కకీ అమిరిన రంగు. వేరే చోట అదే డబ్బా తెచ్చి పూస్తే అదే ఫలితం రావాలని లేదు.

ఆ సాయంత్రం మేం దిగిన రియాద్‌లో, అంటే నడుమ మండువా ఉన్న పాతకాలపు ఇంట్లో, ఇంకొక సంగతి కనపడింది. మండువా గోడలకి తడెలక్త్ పూత. సున్నపు గారని నున్నటి గులకరాయితో రుద్ది, నల్ల సబ్బుతో మెరుగు పెడతారు. గోడ ఎర్రమట్టి రంగు. ముందు నీలం కుండీల్లో ఎర్ర జెరేనియంలు. చీకటి పడేకొద్దీ ముందు పూలు నల్లబడ్డాయి. ఆ తర్వాత కూడా నీలం కుండీలు లేతగా, తేలుతున్నట్టు కనిపిస్తూనే ఉన్నాయి. వెలుతురు తగ్గితే కన్ను ఎరుపుని ముందు వదిలేస్తుంది, నీలాన్ని చివరిదాకా పట్టుకుంటుంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. ఉద్యోగాలకి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లకి ఎర్రమందారాల తోట వేస్తే వాళ్లకి దక్కేది ఆదివారం ఒక్కటే. వాళ్ల తోటలో తెల్లపూలు, వెనక ముదురు గోడ ఉండాలి.

రియాద్ తోటమాలి మధ్యవయసు మనిషి. మా చెల్లెలికి వచ్చిన ఫ్రెంచితో అడిగిస్తే పనికొచ్చే మాట ఒకటి చెప్పాడు. ముదురు గోడ పడమటి ఎండకి కాలిపోతుంది, తీగని గోడకి ఆనించి పాకిస్తే వేసవిలో ఆకు అంచులు మాడతాయి, జానెడు ఎడం ఉంచి చట్రం మీద పాకించాలి అని. గోడకి చెయ్యి ఆనించి జానెడు చాపి చూపించాడు.

తిరిగొచ్చాక మొదట చేతికొచ్చిన పని రాజమండ్రి శివార్లలో రిటైరైన మాస్టారి ఇల్లు. నేను పంపిన ఫోటోలు చూసి ఆయన అప్పటికే నిశ్చయించుకున్నారు. "అమ్మాయ్, నాక్కూడా ఆ నీలమే వెయ్యి" అన్నారు. తోటకి పడమట నలభై అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు ప్రహరీ. దాని ముందు నందివర్ధనం, ఎర్రమందారం, పసుపు మచ్చల క్రోటన్లు, ఒక పక్క శంఖుపుష్పం తీగ. తూర్పున అలాంటిదే ఇంకో గోడ.

ఒప్పుకునే ముందు రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ప్లైవుడ్ ముక్కలకి నాలుగు రంగులు వేయించాను. తెలుపు, మజొరెల్‌కి దగ్గరి నీలం, ఇటుక ఎరుపు, కాస్త పచ్చ కలిసిన బొగ్గురంగు. అన్నీ మెరుపు లేని పెయింటే. మెరిసే పెయింటు ఎంత ముదురైనా ఎండలో అద్దంలా తళుక్కుమని తెల్లగోడ చేసే పనే చేస్తుంది. ఒక్కో ముక్కని ఒక్కో మొక్క వెనక నిలబెట్టి, పొద్దున, మిట్టమధ్యాహ్నం, దీపాలవేళ చూశాం. మాస్టారు నోటుబుక్కులో మార్కులు వేశారు.

నీలం ముందు క్రోటన్లకి నూటికి నూరు. నందివర్ధనం పూలకీ మంచి మార్కులే. మందారం దగ్గర పువ్వు నిలిచింది కానీ ఆకు మునిగిపోయింది, ఎందుకంటే మందారం ఆకు ముదురు. శంఖుపుష్పం అసలు లేనట్టే. ఇటుక ఎరుపు ముందు అన్ని ఆకులూ పచ్చగా మెరిశాయి కానీ మందారం పువ్వు మాయమైంది. పూలకోసం పెంచుకునే మొక్కకి అది దండగ. బొగ్గురంగు ముందు అన్నీ నిలబడ్డాయి, ముదురాకులు కూడా, ఆకు మీది నూనెమెరుపు వల్ల. ఒక్క శంఖుపుష్పమే ఓడిపోయింది. తెలుపు ముందు మధ్యాహ్నం కాసేపు నిలబడితే మాస్టారికి కళ్లు మండాయి. దాని మార్కులు నేను అడగలేదు.

చివరికి పడమటి గోడకి బొగ్గురంగు, క్రోటన్ల వెనక ఆరడుగుల మేర మాత్రం నీలం. ఆ గోడ లోపలి ముఖం తూర్పుకి ఉంటుంది కాబట్టి దానికి తగిలేది ఉదయపు ఎండే, మాడే భయం తక్కువ. తూర్పు గోడ సంగతి వేరు. దాని లోపలి ముఖం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంటుంది. అక్కడ ముదురు రంగు వేస్తే గోదావరి జిల్లా మే నెలలో తీగ మాడకుండా ఉండదు. దానికి గోపీచందనం లాంటి లేత పసుపుమట్టి రంగు వేయించి, శంఖుపుష్పాన్ని దాని ముందుకి మార్చాం. నీలిపువ్వు పసుపు గోడ మీద మొదటిసారి కనిపించిందన్నారు మాస్టారు. తోటమాలి చెప్పిన జానెడు ఎడమే అక్కడ ఇనుప చట్రానికి పెట్టాం.

పెయింటు మేస్త్రి ఆఖరి అభ్యంతరం ఖర్చు గురించి. ముదురు రంగులకి వాడే పెయింటులో తెల్లటి టైటానియం పొడి తక్కువ, అందువల్ల కింద ఉన్న తెలుపు కనపడకుండా కప్పడానికి ఎక్కువ పూతలు పడతాయి. "తెల్ల ప్రైమరు మీద నాలుగు చేతులు పడుతుందమ్మా, బూడిదరంగు ప్రైమరు కొడితే రెండింటితో సరి" అన్నాడు. అలాగే చేశాం. గోడ అడుగున కొన్నిచోట్ల ఉప్పు పొంగి తెల్లటి చారలు ఉన్నాయి. తెల్లగోడ మీద ఎవరికీ కనపడని ఆ చారలు బొగ్గురంగు మీద దూరం నుంచే కనిపిస్తాయి. అందుకని ముందు అక్కడి గార కొట్టేసి, చెమ్మ ఎక్కడ నుంచి ఎక్కుతోందో చూసి, కొత్త గార కట్టి నాలుగు వారాలు ఆరనిచ్చాకే రంగు ముట్టుకున్నాం. వానకి మట్టి చిమ్మి గోడ మొదలు పాడవకుండా అడుగు వెడల్పున కంకర పరిచాం.

ఇక వెనక పక్క ఇనుపతీగ కంచె. బజార్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ పూత ఉన్నదే ఎక్కువ అమ్ముతారు. అది మొక్కల్లో కలిసిపోతుందని కొంటారు కానీ ఏ ఆకుకీ లేని ఆ పచ్చే మొదట కంట్లో పడుతుంది. పైగా ఆ పూత మీద వేరే పెయింటు నిలవదు, పొలుసుల్లా లేస్తుంది. మాస్టారి చేత మామూలు జింకు తీగ కొనిపించి, దానికి తగిన ప్రైమరు కొట్టించి, పైన నలుపు వేయించాను. గోడ దగ్గర పనిచేసిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది, ఆకుకంటే చీకటిగా ఉన్న తీగ ఆకుల మధ్య నీడల్లో కలిసిపోతుంది. సన్నజాజి ఇంకా పాకలేదు, ఇప్పుడే రెండడుగులు ఎక్కింది. అయినా మొన్న వాళ్లింటికి వచ్చిన పక్కింటాయన అటు వైపు ఇంకా కంచె వేయలేదా అని అడిగాడట.